24 సార్లు మెరుగు, పావు కాసు బంగారం

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. 2001లో నా పెళ్లికి మా అమ్మ నాకూ మా అక్కకీ ఒకే రకం రెండు పేటల గొలుసులు చేయించింది. చెరి ఐదు కాసులు. నా దాని తూకం బిల్లులో 40.150 గ్రాములని ఉంది. మా అత్తగారికి ఏటా సంక్రాంతి ముందు ఇంట్లో బంగారమంతా ఆచారి గారికిచ్చి మెరుగు పెట్టించడం అలవాటు. 24 ఏళ్లలో ఒక్క ఏడూ మానలేదు. నేను ఆ గొలుసు వేసుకునేది పెళ్లిళ్లకీ పేరంటాలకే. రోజూ వేసుకునేవి నాలుగు గాజులు. వాటి మీద పువ్వులు ఇప్పుడు దాదాపు కనపడటం లేదు. మాఘంలో మా అమ్మాయి పెళ్లి. మొన్న భీమవరంలో కొట్టుకెళ్లినప్పుడు గొలుసు తూకం వేయిస్తే 38.020 వచ్చింది. అత్తగారు ఆచారి గారు కొట్టేశాడంటున్నారు. ఆడపడుచు మాత్రం లంకెలు తీయించి అమ్ముకున్నావా అని నవ్వుతూనే అనేసింది. ఆ మాట పడినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పెళ్లికి మళ్లీ అన్నీ మెరుగు పెట్టించాలట, లేదా పాతవి మార్చేసి కొత్తవి తీసుకోవాలట. అసలు మెరుగు పెడితే బంగారం ఇంత పోతుందా? ఎన్నాళ్లకోసారి పెట్టించాలి?

జవాబు: అమ్మా, మా నాన్న బంగారం పనే చేసేవారు. కొట్టు మూసే ముందు ఆయన చేతులు కడుక్కున్న నీళ్లు మమ్మల్ని పారబోయనిచ్చేవారు కాదు. ఆ నీళ్లు ఓ కుండలోకి, ఊడ్చిన దుమ్ము ఓ డబ్బాలోకి వెళ్లేవి. అరిగిపోయిన బ్రష్షులు, చేతులు తుడుచుకున్న గుడ్డలు కూడా దాచి, ఏడాదికోసారి దుమ్ము కడిగి బంగారం తీసేవాళ్లకు అమ్మేవారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ డబ్బాలోనే ఉంది. మెరుగులో బంగారం పోతుంది. పోకపోతే ఆ దుమ్ముకి ధర పలికేది కాదు.

ఎంత పోతుందన్నదే మీ గొడవంతా. మీ గొలుసునే లెక్క వేద్దాం. 22 క్యారెట్ల బంగారం ఘన సెంటీమీటరు 17.7 గ్రాముల దాకా తూగుతుంది. మీ గొలుసు లంకెల తీగ ఒక మిల్లీమీటరు మందం అనుకుందాం, రెండు పేటల గొలుసుకు అది మామూలే. లంకెలన్నీ విప్పి వరసగా పరిస్తే తొమ్మిది అడుగులు దాటిన తీగ. దాని పైభాగమంతా కలిపితే 90 చదరపు సెంటీమీటర్లు, అంటే ఓ మోస్తరు తమలపాకంత. ఆ తమలపాకు మీద నుంచి ఒక్క మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు పొర లేచిపోతే 160 మిల్లీగ్రాములు పోయినట్టు.

ఇప్పుడు మీకు తగ్గింది చూడండి. 40.150 నుంచి 38.020 తీసేస్తే 2.130 గ్రాములు. 24 సార్లకు పంచితే సారికి 89 మిల్లీగ్రాములు. అది సగటున అర మైక్రాను పొరకు కాస్త ఎక్కువ. మెరుగులో అంత పోవడం వింతేమీ కాదు, మోటారు చక్రం పట్టే పనివాడి చేతిలో అంతకన్నా ఎక్కువే పోవచ్చు. 24 ఏళ్లకు మీ తీగ మందం మొత్తం మీద తగ్గింది మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల లోపు. తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు. కంటికి ఆనదు, చేతికి తెలియదు. కాటా మీద మాత్రం పావు కాసు దాటింది. ఎవరూ ఏమీ చేయకుండానే దొంగతనం జరిగినట్టు కనిపించడం అందుకే.

ఇంకోటి. అదే 40 గ్రాములు నాలుగు మిల్లీమీటర్ల మందం కడియంగా ఉంటే దాని పైభాగం ఇందులో నాలుగో వంతే ఉంటుంది. మెరుగులో పోయేదీ అంతే తక్కువ. సన్న తీగల గొలుసులు, పల్చటి కాసుల పేర్లు బరువుకు మించిన వైశాల్యం ఉన్నవి కాబట్టి మెరుగుకి ఎక్కువ నష్టపోతాయి. మీ అత్తగారు అన్నిటినీ ఒకే మూటలో కట్టి పంపేవారంటే, అందులో అన్నిటికన్నా ఎక్కువ పోగొట్టుకున్నది మీ గొలుసే అయ్యుంటుంది.

ఇలా లెక్క కుదిరినంత మాత్రాన ఆచారి గారు నిర్దోషి అని తేలిపోదు, కానీ అనుమానం నిలవాలంటే తూకం ఒక్కటే చాలదు. మీ మీద పడ్డ మాటకి మాత్రం గట్టి పరీక్షే ఉంది. లంకెలు తీసి ఉంటే బరువుతో పాటు పొడవూ తగ్గాలి. రెండు పేటలూ కలిపి మీ గొలుసు మూడున్నర అడుగులు ఉంటుందనుకుంటే, 2.130 గ్రాములంటే ఏడెనిమిది లంకెలు, అంటే రెండు అంగుళాలకు పైన పొడవు. ఒకే పేటలోంచి తీసి ఉంటే రెండు పేటలూ సమంగా వేలాడవు. మెరుగులో అరిగిన గొలుసు పొడవు తగ్గదు. పైగా లంకెలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని చివర్లు అరుగుతాయి కాబట్టి కాస్త సాగినా సాగుతుంది.

మీ అక్క గారి గొలుసు ఉండటం మీ అదృష్టం. ఒకే రోజు, ఒకే చేత్తో, ఒకే రకం తీగతో చేసినవి. రెండింటి పేటల్లో లంకెలు లెక్కపెట్టండి, దారంతో పొడవు కొలవండి. లెక్కా పొడవూ ఒకటే అయితే ఆడపడుచు గారి మాటకు అక్కడితో సమాధానం అయిపోయింది. మీరు గొంతెత్తాల్సిన పని లేదు. తరవాత రెండు గొలుసుల తీగనూ కొట్టులో గేజుతో కొలిపించండి, ఒక్క చోట కాదు, ఆరేడు లంకెల దగ్గర. మీది అంతటా ఒకే తీరుగా, పై వైపు కాస్త ఎక్కువగా సన్నబడి ఉంటే అది మెరుగు పనే. ఏవో నాలుగు లంకెలు మాత్రమే రంగులో, మందంలో తేడాగా ఉండి, అతుకులు కొత్తగా కనిపిస్తే, అవి ఎప్పుడో మార్చినవి. మరమ్మతుకో, మరిదేనికో మార్చారన్నది అప్పుడు అడగాల్సిన ప్రశ్న. అదే కొట్టులో క్యారెట్ మీటరు మీద ఆ లంకెలు పెట్టిస్తే వాటి నాణ్యం కూడా తెలిసిపోతుంది. గొలుసు కోయక్కర్లేదు, గీటక్కర్లేదు.

ఆ కొలతలు వచ్చేదాకా ఆచారి గారి దగ్గర దొంగతనం మాట ఎత్తవద్దని నా సలహా. మీరు ఏమీ అనకుండా ఊరుకుంటే అత్తగారి అనుమానం పెళ్లి పందిట్లో నలుగురి నోళ్లలో పడుతుంది, అదీ మంచిది కాదు. మధ్య దారి ఉంది. "ఆచారి గారూ, ఇక నుంచి తూకం వేసి రాసుకుందాం" అని మామూలుగా చెప్పండి. నిజాయితీగా పనిచేసే కంసాలికి ఆ మాట తప్పనిపించదు. మా నాన్నయితే తనే అడిగి తూకం వేయించేవారు, పిన్నీసు ఇచ్చినా సరే. దుమ్ములో పోయిన బంగారం ఎవరిదన్నది మాత్రం పాత చిక్కు. దాన్ని పనివాడే ఉంచుకోవడం వాడుక, మెరుగు కూలి తక్కువ ఉండటానికి అదీ ఓ కారణం. మీరు ఇప్పుడు 24 ఏళ్ల దుమ్ము లెక్క అడిగితే ఆయన దగ్గర ఉండదు.

తూకం వేయించడంలో ఓ తిరకాసు ఉంది, చాలామంది అక్కడే పొరపడతారు. వాడిన నగ సందుల్లో చెమట, పసుపు, గంధం, పౌడరు, సబ్బు పేరుకుని ఉంటాయి. వాటికీ బరువుంది. అలాగే తూచి ఇచ్చి, మెరుగు పెట్టాక మళ్లీ తూస్తే మురికి బరువు కూడా బంగారం కింద పోయినట్టు లెక్కకొస్తుంది. అందుకని ముందు కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి, అప్పుడు ఒక తూకం. మెరుగు పెట్టాక కడిగి ఆరబెట్టి ఇంకో తూకం. రెండూ ఒకే కాటా మీద, మిల్లీగ్రాము దాకా చూపించే దాని మీద. ఈ రెండింటి మధ్య తేడాయే మెరుగు ఖర్చు. మీరు భీమవరంలో తూయించినప్పుడు గొలుసు కడిగారో లేదో ఉత్తరంలో లేదు. కడగలేదంటే అసలు బరువు 38.020 కన్నా ఇంకాస్త తక్కువే అయ్యుంటుంది, అత్తగారికి ఇప్పుడే చెప్పకండి.

ఇక మెరుగు అనే ఒక్క మాట కింద మూడు వేరు వేరు పనులు జరుగుతాయి. మొదటిది ఉత్త కడుగుడు. వేడి నీళ్లు, కుంకుడు రసం, మెత్తటి బ్రష్. పెద్ద కొట్లలో నీళ్ల తొట్టెలో పెట్టి కంపనాలతో మురికి వదిలించే మిషను ఉంటుంది. దీనిలో బంగారం పోదనే చెప్పాలి. రెండోది మోటారుకు తగిలించిన గుడ్డ చక్రం మీద ఎర్రమట్టి లాంటి మసాలా రాసి నగను ఆనించడం. ఇది శుభ్రం చేయడం కాదు, అరగదీయడం. గీత కనపడకుండా పోవాలంటే గీత అడుగు దాకా చుట్టూ ఉన్న బంగారాన్ని దించాలి, అంటే తీసేయాలి, వేరే దారి లేదు. చక్రానికి ముందు తగిలేవి ఎత్తుగా ఉన్న చోట్లు. మీ గాజుల మీద పువ్వులు పోయింది అలాగే. రోజువారీ ఒరిపిడి వాటా కూడా ఉంది కానీ, 24 సార్ల చక్రం వాటా చిన్నదేమీ కాదు. ఇంటికి తెచ్చాక సందుల్లో ఎర్రటి పొడి కనిపిస్తే మురికి వదల్లేదనుకోకండి, అది ఆ మసాలా. నగ చక్రం ఎక్కిందనడానికి గుర్తు.

మూడోది తేజాబులో, అంటే యాసిడ్‌లో ముంచడం. ఇందులో మళ్లీ రెండు రకాలు. నీళ్లు కలిపిన గంధకామ్లం బంగారాన్ని కరిగించదు, కాల్చినప్పుడు పైకి తేలిన రాగి నలుపును తీసేస్తుంది. పాత కంసాలులు వాడేది అదే. కానీ నత్రికామ్లం, హైడ్రోక్లోరికామ్లం కలిపితే ఆ ద్రావణం బంగారాన్నే తింటుంది. చక్రం చేరలేని లంకె లోపలి వైపు కూడా తింటుంది. నగ నిమిషాల్లో కొత్త పసుపు రంగుకొస్తుంది, ఇంటావిడ సంతోషిస్తుంది, బంగారం ద్రావణంలో ఉండిపోతుంది. తరవాత తీరిగ్గా దాన్ని వేరుచేసుకుంటారు. ఇంటి ముందుకొచ్చి పూసల దండంత తక్కువ కూలికి మెరుగు పెడతామనే వాళ్ల కిటుకు ఇదే. మధ్యాహ్నం మగవాళ్లు లేని వేళ వస్తారు, ముందు ఇత్తడి చెంబు తోమి చూపిస్తారు. మీ అత్తగారు మనుషుల్ని నమ్మే రకమైతే ఈ మాట ఆవిడ చెవిన వేసి ఉంచండి.

ఎన్నాళ్లకోసారి అని అడిగారు. క్యాలెండరు చూసి మెరుగు పెట్టించాల్సిన నగ ఏదీ లేదు. నగ మసకబారడానికి రెండు కారణాలు. ఒకటి పైన పట్టిన జిడ్డు, బంగారంలో కలిసిన రాగి, వెండి మీద వచ్చే పల్చటి నలుపు. ఇది కడిగితే పోతుంది. రెండోది గీతలు. ఇవి కడిగితే పోవు. కాబట్టి ముందు కడగండి. కడిగి తుడిచాక కిటికీ దగ్గర పట్టుకుంటే మెరిసిందా, ఇక మెరుగు అక్కర్లేదు. ఫంక్షన్లకే వేసుకునే మీ గొలుసు లాంటిది పదేళ్లయినా చక్రం ఎక్కాల్సిన పని లేదు, జీవితంలో ఒకటో రెండో సార్లు చాలు. రోజూ వేసుకునే సాదా గాజులకు గీతలు మరీ చికాకు పెడితే మూడు నాలుగేళ్లకోసారి. చెక్కుడు పని ఉన్నవాటికి అదీ వద్దనే అంటాను, నాజూకు పోయిన పువ్వు మళ్లీ రాదు. తిరిగి చెక్కించవచ్చు కానీ చెక్కడమంటే ఇంకాస్త బంగారం తీయడమే. మీ గాజులు ఇప్పటికే సన్నబడ్డాయి, వాటిని అలాగే ఉంచుకోండి.

కడగడం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఐదారు కుంకుడుకాయలు కొట్టి గింజ తీసి గోరువెచ్చటి నీళ్లలో అరగంట నాననిచ్చి పిసికితే నురగ వస్తుంది. వడకట్టిన ఆ రసంలో గొలుసు ఓ పావుగంట ఉంచి, చిన్నపిల్లల పళ్ల బ్రష్‌తో లంకెల సందుల్లో నెమ్మదిగా తోమండి. సింకు దగ్గర వద్దు, గిన్నెలోనే. మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివరి కడుగు తాగే నీళ్లతో కానివ్వండి, లేకపోతే ఆరాక తెల్లటి చారలు తేలతాయి. పాత నూలు చీర ముక్కతో అద్ది, ఫ్యాను కింద గంటసేపు ఆరనిచ్చి విడిగా గుడ్డలో చుట్టండి. పళ్ల పేస్టు, విభూతి, గిన్నెల పౌడరు వాడితే అవి కూడా చిన్న సైజు చక్రాలే, గీస్తాయి. ముత్యాలు, పగడాలు, వెనక మూసి కట్టిన కెంపులు, లక్క నింపిన గుండ్లు మాత్రం నీళ్లలో నానబెట్టకూడదు, తడి గుడ్డతో తుడవడమే. లక్క నగను వేడి చేసినా లోపల కదిలిపోతుంది.

పెళ్లి సంగతికొస్తే మీ ముందు మూడు దారులున్నాయి. ఉత్తగా కడిగి వేసుకోవడం ఒకటి. సన్న గీతలు అలాగే ఉంటాయి. పందిరి దీపాల కింద జిడ్డు లేని బంగారం ఎలాగూ మెరుస్తుంది, గీతలు వెతికే తీరిక ఎవరికీ ఉండదు. నేనైతే ఇదే చేస్తాను. రెండోది, అత్తగారి మాట తీసేయలేకపోతే, కొట్టులో మిషను కడుగుడు వరకే చేయించి, చక్రం మీద పెట్టవద్దనీ తేజాబు వద్దనీ ముందే చెప్పి, దగ్గర కూర్చుని చేయించడం. ఓ పూట పోతుంది, కూలి కాస్త అవుతుంది, బంగారం మిగులుతుంది. ఆవిడకు మెరుగు పెట్టించామన్న తృప్తీ ఉంటుంది. కొత్త నగలు కూడా ఆ మూటలో ఉంటే ఇంకో జాగ్రత్త. వాటి మీద 22K916 అనీ, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ అనీ లేజరుతో సన్నగా గీసి ఉంటుంది. చక్రం గట్టిగా ఆనిస్తే అది మాసిపోతుంది, రేపు అమ్మబోతే నాణ్యం మళ్లీ రుజువు చేసుకోవాలి. మీ 2001 గొలుసుకు ఆ ముద్ర ఉండకపోవచ్చు, కాబట్టి ఆ బెంగ లేదు.

మూడోది మార్చేయడం. మెరుగులో పోయిందన్న కోపంతో ఇది చేస్తే నష్టం ఎక్కువ. పాతది ఇచ్చేటప్పుడు నాణ్యం చూసి, అతుకుల కింద కొంత తగ్గిస్తారు. కొత్తదాని మీద తరుగు, మజూరీ వేస్తారు. తరుగు నూటికి పది అనుకుంటే 38 గ్రాముల కొత్త గొలుసు మీద మూడు గ్రాముల ఎనిమిది వందల మిల్లీగ్రాముల ఖరీదు ఒక్క పూటలో పోతుంది. 24 ఏళ్ల మెరుగుల్లో పోయిన దానికి ఇది ఒకటిన్నర రెట్లు దాటింది. తీగ ఇంకా గట్టిగానే ఉంది, తెగే ప్రమాదం ఉన్నది లంకె లంకెకు ఆనే చోట. అక్కడ సగం దాకా అరిగితే తప్ప మార్చాలన్న తొందర లేదు. అమ్మాయికి కొత్తవి చేయించాలంటే అది వేరే సంగతి, దానికి ఈ గొలుసు కరిగించనక్కర్లేదు.

ముందు మీ అక్క గారింటికి వెళ్లిరండి. రెండు గొలుసులూ కుంకుడు రసంతో కడిగి ఆరబెట్టి, ఒకే రోజు ఒకే కాటా మీద పెట్టించండి. ఆవిడ తన గొలుసుకు ఎన్నిసార్లు మెరుగు పెట్టించారో అడిగి, తూకం పక్కనే రాసుకోండి. వెళ్లేటప్పుడు మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి. కాటా మీద అంకె ఆవిడే చదవాలి.